కొత్త వాచీలో పల్స్ 44 చూపిస్తోంది, నాయన మాత్ర ఆపేయాలా?

"నమస్తే అండీ. మాది కావలి. మా నాయనకి 63 ఏళ్లు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకునేవాడు, మూడేళ్లుగా ఇంట్లోనే ఉంటున్నాడు. బీపీకి మెటోప్రోలాల్ మాత్ర చాలాకాలంగా వాడుతున్నాడు. ఇంతకు ముందు చేతికి మామూలు బ్యాండ్ ఉండేది, పది నిమిషాలకోసారి పల్స్ చూసేది. రోజు మొత్తంలో అన్నిటికంటే తక్కువ 53, 54 చూపించేది, ఎప్పుడన్నా 51. సగటు 67. మే నెలలో తమ్ముడు బెంగళూరు నుంచి మంచి వాచీ తెచ్చి పెట్టాడు, అది ఆపకుండా కొలుస్తూనే ఉంటుంది. అప్పట్నుంచి తక్కువ 44, సగటు 78 అని వస్తోంది. కిందిది ఇంకా కిందికి, సగటేమో పైకి. గుండె లయ తప్పుతోందని తమ్ముడి భయం. మాత్ర సగం చేసి వేసుకోమంటాడు. ఆ మాటలు విని నాయన రెండు రోజులుగా మాత్రే మానేశాడు. మనిషి చూస్తే బాగానే ఉన్నాడు, పొద్దున్నే వాకింగ్‌కి పోతున్నాడు. అమ్మకి నిద్ర లేదు. ఏ అంకె నమ్మాలి, ఏం చేయాలి? మూడు రాత్రుల స్క్రీన్‌షాట్లు, యాప్‌లోంచి దించిన ఫైలు పంపుతున్నాను."

— ఒక పాఠకురాలు, కావలి

అమ్మా, ముందు మాత్ర సంగతి. మిగతాదంతా తర్వాత నిదానంగా చదువుకోవచ్చు. మెటోప్రోలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, ఒంటికి అవి అలవాటైపోయి ఉంటాయి. ఒక్కసారిగా ఆపేస్తే గుండె వేగం, బీపీ రెండూ ఎగదన్నే ప్రమాదం ఉంది. గుండె రక్తనాళాల్లో ఎక్కడైనా అడ్డు ఉన్న మనిషికైతే ఛాతీ నొప్పి, ఇంకా ముదిరితే గుండెపోటు దాకా పోవచ్చు. అడ్డు ఉందో లేదో బయటి నుంచి చూస్తే తెలియదు. అందుకే ఈ మాత్రను తగ్గించాల్సి వచ్చినా డాక్టర్లు కొన్ని రోజుల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మీ తమ్ముడు చెప్పినట్టు సగం చేయడమైనా, మీ నాయన చేసినట్టు మానేయడమైనా ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. మాత్ర రాసిన డాక్టర్‌కి ఈ రోజే ఫోన్ చేసి, రెండు రోజులు వేసుకోలేదని ఉన్నది ఉన్నట్టు చెప్పి, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. తప్పిపోయిన మాత్రలన్నీ కలిపి ఒకేసారి వేయకండి. ఈ లోపల ఛాతీలో నొప్పి, బరువు, ఆయాసం లాంటిదేమన్నా వస్తే ఫోన్లు పెట్టుకుని కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నేను ఇలాంటి పరికరాల మీద పని చేసేవాణ్ణి, డాక్టర్ని కాదు. మందు గురించి నేను చెప్పగలిగింది ఇంతవరకే.

ఇక అంకెలు. మీరు పంపిన ఫైలు మొత్తం చూశాను. 53 నుంచి 44కి దిగడం, 67 నుంచి 78కి ఎక్కడం, ఈ రెండూ మీ నాయన గుండెలో మార్పు వచ్చిందని చెప్పడం లేదు. కొలిచే పద్ధతి మారింది, దాని వల్లే ఒకటి కిందికి, ఒకటి పైకి పోయాయి. రెండింటి కారణాలు వేరు వేరు కాబట్టి విడివిడిగానే చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆ పాత బ్యాండ్ చేసే పని ఏమిటంటే, పది నిమిషాలకోసారి నిద్ర లేచినట్టు లేచి, వెనకాల పచ్చ లైటు వెలిగించి, చర్మం కింద రక్తం పొంగి తగ్గడాన్ని అర నిమిషం దాకా చూసి, ఒక అంకె రాసుకుని మళ్లీ లైటు ఆర్పేయడం. అంటే రోజుకి 144 అంకెలు. చెయ్యి కదులుతుంటే చాలాసార్లు అది కూడా రాసుకోదు, ఆ ఖాళీ అలాగే వదిలేస్తుంది. కొత్త వాచీలో లైటు ఆరదు. కొలుస్తూనే ఉంటుంది, కొలిచినదాన్ని మామూలు సమయంలో నిమిషానికో వరస చొప్పున, వాకింగ్ మోడ్ పెట్టినప్పుడు ఐదు సెకన్లకో వరస చొప్పున ఫైల్లో రాస్తోంది. ఈ ఐదు సెకన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, సగటు దగ్గరికి వచ్చాక ఇదే అసలు దొంగ అవుతుంది.

మీరు పంపిన మొదటి రాత్రి తీసుకుందాం. రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా నిమిషానికొకటి చొప్పున 420 వరసలు ఉన్నాయి. 3:11కి 56. 3:12కి 44. 3:13కి 55. యాప్ మీ ముందు పెట్టిన 44 ఇదే, రాత్రంతటికీ ఒకే ఒక్క వరస. దానికి ముందూ వెనకా గంట గంట చూసినా 53కి కిందికి పోయింది లేదు.

ఇప్పుడు నేనొక పని చేశాను, మీరూ ఎక్సెల్‌లో చేసి చూడొచ్చు. ఇదే ఫైల్లోంచి పది నిమిషాలకో వరస మాత్రమే ఉంచి మిగతావి తీసేశాను. అంటే కొత్త వాచీ రాసిన లెక్కను పాత బ్యాండ్ కళ్లతో చూసినట్టు. 10:00, 10:10, 10:20 ఇలా పట్టుకుంటూ పోతే ఆ రాత్రి కనిష్ఠం 53 వచ్చింది. 10:01, 10:11, 10:21 అని ఒక నిమిషం జరిపి పట్టుకుంటే 54. ఇలా పది రకాలుగా ఏరుకోవచ్చు కదా, ఆ పదింటిలో తొమ్మిదింటికి 53, 54 దగ్గరే ఆగింది. 10:02, 10:12 అంటూ వెళ్లి 3:12 మీద కాలు పెట్టినదానికి ఒక్కదానికే 44 దొరికింది. అదే మనిషి, అదే రాత్రి, అదే వాచీ. ఎప్పుడు చూశామన్నదాన్ని బట్టి 54 కూడా నిజమే, 44 కూడా ఫైల్లో ఉన్నదే. పాత బ్యాండ్ ఉన్న రోజుల్లో ఇలాంటి 44లు రాత్రికొకటి వచ్చి పోతూ ఉన్నా, పది రాత్రుల్లో తొమ్మిది రాత్రులు దానికి అవి కనబడే అవకాశమే లేదు.

పైగా పాత బ్యాండ్ సరిగ్గా 3:12కే లేచినా 44 అని రాసేది కాకపోవచ్చు. అది అర నిమిషం చూసి ఒక అంకె ఇస్తుంది అన్నాను కదా. ఆ అర నిమిషంలో పది సెకన్లు 44, మిగతా ఇరవై సెకన్లు 56 ఉందనుకోండి, సగటు 52 వస్తుంది. దిగుడు పొట్టిది, చూసే కిటికీ పొడవైనది అయితే దిగుడు అందులో కరిగిపోతుంది. కొత్త వాచీ కిటికీ చిన్నది, అందుకే సన్నటి దిగుడు కూడా సూదిలా నిలబడుతుంది. ఎక్కువసార్లు చూడటం, తక్కువసేపు చూడటం, ఈ రెండూ కలిస్తే కనిష్ఠం కిందికే పోతుంది, పైకి రాదు. గుండె ఏమీ మారకపోయినా సరే.

మీ నాయనకి ఇది చెప్పాలంటే గుంటలో డీఓ సంగతి ఎత్తండి, ఒక్క మాటలో పట్టేస్తారు. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారకముందు అడుగుకి పడుతుందని, పొద్దున ఎనిమిదింటికి మీటరు ముంచి చూసినవాడికి ఆ అడుగు తెలియదని, రాత్రంతా మీటరు నీళ్లలోనే ఉంచినవాడి పుస్తకంలో అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుందని ఆయనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. మీటరు మార్చిన రోజున నీళ్లు చెడిపోయాయని ఆయన ఏరియేటర్లు పీకేసి ఉండరు కదా.

అయితే అమ్మా, 44 ఒక్క వరసే కదా అని చెత్తలో వేసేయమనీ నేను చెప్పను. ఒంటరి అంకెకి అర్థాలు చాలా ఉంటాయి. స్ట్రాప్ వదులై, ఆయన పక్కకి తిరిగి పడుకున్నప్పుడు వాచీ చర్మం నుంచి లేచి కొన్ని బీట్లు లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు. మన వైపు మేలో చెమటకి స్ట్రాప్ ఒక రంధ్రం వదులు చేసుకోవడం అందరూ చేసే పనే, తప్పు అంకెలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. లేదా గుండె నిజంగానే కొన్ని సెకన్లు నెమ్మదించి ఉండొచ్చు, గాఢ నిద్రలో అది మామూలే, ఆయన వేసుకునే మాత్ర పనే అది. మూడోది కూడా ఒకటుంది, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. గుండె ఒక్కోసారి తొందరపడి ముందే ఒక బీట్ కొడుతుంది. అప్పటికి గుండె సరిగా నిండి ఉండదు కాబట్టి ఆ బీట్‌కి రక్తం మణికట్టు దాకా గట్టిగా చేరదు. ఈసీజీలో అది కనిపిస్తుంది, వాచీకి కనిపించదు. అలాంటివి ఒకటి విడిచి ఒకటి వస్తే, గుండె 88 కొడుతున్నా వాచీ 44 అంటుంది. ఒక్క వరస చూసి ఈ మూడింటిలో ఏదో చెప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు.

అందుకే నేను ఒంటరి సూదుల కంటే, నిలబడిన చోటు కోసం వెతుకుతాను. మీ రెండో రాత్రి కూడా మొదటి రాత్రి లాంటిదే, ఒక్క వరస 45, దాని చుట్టూ 55, 57. మూడో రాత్రి వేరు. 3:40 నుంచి 3:52 దాకా వరసగా పదమూడు వరసలు 49, 50, 51 మధ్యలోనే నడిచాయి. దిగడం కూడా ఒక్కసారిగా కాదు, 56 నుంచి 54, 52 అంటూ మెట్లు దిగినట్టు దిగి, అలాగే ఎక్కింది. స్ట్రాప్ వదులైతే అంకెలు ఇంత నీటుగా ఉండవు, ఎగిరెగిరి పడతాయి. కాబట్టి నిద్రలో ఆయన గుండె నిజంగా నిలబడే అడుగు 50 దగ్గర అని నేను నమ్ముతాను. ఇంకో సంగతి గమనించారా, పది నిమిషాలకి మించి ఉన్న దిగుడు పది నిమిషాలకోసారి చూసే బ్యాండ్‌కి కూడా దొరికి తీరాలి. దొరికింది కూడా. మీరే రాశారు, ఎప్పుడన్నా 51 చూపించేదని. అంటే ఈ అడుగు కొత్త వాచీతో పాటు ఇంట్లోకి వచ్చింది కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నదే.

ఇక సగటు. మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది 44 అనుకుంటా, కానీ నాకు 78 మీదే ఎక్కువ అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆపకుండా కొలిచినంత మాత్రాన సగటు పదకొండు పెరగడానికి కారణం లేదు. కనిష్ఠం అనేది ఒక్క క్షణం మీద నిలబడేది, ఆ క్షణం దొరికితే మారిపోతుంది. సగటు అలా కాదు, పది నిమిషాలకోసారి నిజాయితీగా చూసినా రోజంతా చూసినా ఒకటి రెండు తేడాతో అదే రావాలి. రాలేదంటే లెక్క కట్టడంలో ఏదో ఉందన్నమాట.

ఒక రోజు ఫైలు విప్పితే దొరికింది. నిద్ర ఏడు గంటలు, 420 వరసలు, వాటి సగటు 57. పగలు మామూలుగా కూర్చోవడం, ఇంట్లో తిరగడం పదహారుంపావు గంటలు, 975 వరసలు, సగటు 72. పొద్దున వాకింగ్ ముప్పావు గంట, సగటు 105. ఆ వాకింగ్‌కి ఎన్ని వరసలున్నాయో తెలుసా? ఐదు సెకన్లకొకటి కాబట్టి 540. రోజులో మూడు శాతం సమయం, ఫైల్లో మాత్రం నాలుగో వంతు కంటే ఎక్కువ. ఇప్పుడు ఎక్సెల్‌లో పల్స్ ఉన్న B కాలమ్ కింద ఇది కొట్టి చూడండి:

```
=AVERAGE(B2:B1936)
```

78 వస్తుంది. యాప్ చూపించినదీ 78. అంటే యాప్ సమయాన్ని చూడటం లేదు, ఉన్న వరసలన్నీ కూడి వరసల సంఖ్యతో భాగించేస్తోంది. వాకింగ్‌లోని ఒక్కో నిమిషం పన్నెండు ఓట్లు వేస్తుంటే, నిద్రలోని నిమిషానికి ఒక్క ఓటే. గంటల లెక్కన కట్టండి: ఏడు గంటలు 57, పదహారుంపావు 72, ముప్పావు 105. 24తో భాగిస్తే 69 కూడా నిండదు. అదీ ఆయన అసలు సగటు.

మరి పాత బ్యాండ్ 67 ఎందుకు అంది? ముప్పావు గంట వాకింగ్‌లో దానికి నాలుగైదు అవకాశాలే వస్తాయి, ఆ నాలుగైదూ చెయ్యి ఊగుతుంటే కుదరక వదిలేసి ఉంటుంది. వాకింగ్‌ని పూర్తిగా తీసేసి మిగతా గంటల సగటు కడితే 67 దగ్గరే వస్తోంది. అంటే పాతది నడకను లెక్కలోకి తీసుకోక కాస్త తక్కువ చెప్పింది, కొత్తది నడకను పన్నెండింతలు చేసి బాగా ఎక్కువ చెప్పింది. ఇందులో గుండె లయ తప్పడం అన్న ప్రసక్తే లేదు. ఇది నా ఊహ కాదనడానికి మీ స్క్రీన్‌షాట్లలోనే సాక్ష్యం ఉంది. ఆదివారం సగటు 68 అని ఉంది చూడండి, ఆ రోజు యాక్టివిటీ కాలమ్ ఖాళీ, అంటే వాకింగ్ మోడ్ పెట్టలేదు. మోడ్ పెట్టకపోతే పది తగ్గే సగటు గుండెది కాదు, యాప్‌ది.

వాకింగ్ అంకెల మీద ఒక చిన్న మాట. చేతి వాచీలు నడిచేటప్పుడు ఒక్కోసారి పల్స్‌కి బదులు అడుగులు లెక్కపెడతాయి, రెండూ మణికట్టు దగ్గర ఒకేలా ఊగుతాయి కాబట్టి. మెటోప్రోలాల్ వేసుకున్న మనిషి పల్స్ నడక మొదలుపెట్టిన నిమిషంలోనే నూట పదికి ఎగరదు, మెల్లగా ఎక్కుతుంది. గ్రాఫ్ మొదటి నిమిషం నుంచే గీత గీసినట్టు 110 దగ్గర ఉంటే అది అడుగులని అనుమానించండి. మీ ఫైల్లో మెల్లగానే ఎక్కింది, అంత ఇబ్బంది కనబడలేదు.

ఇంకొకటి, పాత బ్యాండ్ లెక్కలు చలికాలానివి, కొత్తవి మేలోవి. మన నెల్లూరు, ఒంగోలు వైపు మే ఎండల్లో ఒంట్లో నీరు తగ్గి, ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి పరుగెత్తి, ఎవరికైనా పల్స్ కొంచెం పెరుగుతుంది. వాచీ మార్చకపోయినా రెండు కాలాల అంకెల్లో కొంత తేడా వచ్చేదే. అలాగే మాత్ర మానేసిన ఈ రెండు రోజుల రీడింగులను పక్కన పెట్టేయండి, అవి ఏ పోలికకీ పనికిరావు.

మీ ముందు ఇప్పుడు ఉన్న దారులు చెప్తాను, ఏది పట్టుకుంటే ఏమవుతుందో కూడా చెప్తాను, తేల్చుకోవాల్సింది మీ ఇంట్లో వాళ్లే.

వాచీని ఇలాగే ఆపకుండా కొలవనిచ్చి, మీరు చూసే అంకెను మార్చుకోవడం ఒక దారి. రోజు కనిష్ఠం, రోజు సగటు అనే రెండు గడులను చూడటం మానేసి, యాప్‌లో విశ్రాంతి పల్స్ అని విడిగా ఒకటి ఉంటుంది, అది చూడండి. చాలా వాచీలు దాన్ని ఒక్క క్షణం మీద కాకుండా కొంత సేపు నిలకడగా ఉన్న అంకెల మీద కడతాయి కాబట్టి సూదులకి అంతగా కదలదు. రాత్రి గ్రాఫ్‌లో కనీసం ఐదు నిమిషాలు నిలబడిన అడుగు ఎంతో దాన్ని మాత్రమే కాగితం మీద రాసుకోండి. మాత్ర మళ్లీ మామూలుగా పడ్డాక రెండు మూడు వారాలు ఇలా రాస్తే ఈ వాచీకి సంబంధించిన అలవాటు అంకె తెలుస్తుంది, ఆ తర్వాత వచ్చే మార్పుకే విలువ. దీనివల్ల నష్టం ఏమిటంటే చార్జింగ్ త్వరగా అయిపోతుంది, పాత బ్యాండ్ లెక్కలతో పోల్చడం పూర్తిగా వదులుకోవాలి, ఇంట్లో భయపడే మనిషి ఉంటే ఎప్పుడూ కదిలే అంకె కళ్ల ముందు ఉంటుంది. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, అమ్మగారికి నిద్ర లేదని మీరే రాశారు.

సెట్టింగ్స్‌లో కొలత వ్యవధిని పది నిమిషాలకి మార్చడం ఇంకో దారి. అంకెలు 53 దగ్గరికి తిరిగి వస్తాయి, ఇల్లు కుదుటపడుతుంది, చార్జింగ్ ఎక్కువ రోజులు వస్తుంది. కానీ ఏం జరిగిందో తెలుసుకుని చేయండి. గుండె బాగుపడలేదు, మనం చూడటం తగ్గించాం, అంతే. రెండు మూడు నిమిషాలు నిజంగా పల్స్ పడిపోయినా దానికి కనబడకపోవచ్చు, పల్స్ తగ్గితే మోగే అలారం కొన్ని వాచీల్లో ఈ సెట్టింగ్‌లో పని చేయదు. వాకింగ్ మోడ్ ఎప్పటిలాగే పెడితే ఐదు సెకన్ల వరసలు అప్పుడూ పడతాయి, మిగతా వరసలు ఇంకా తగ్గిపోతాయి కాబట్టి సగటు 78 కంటే కూడా పైకి పోతుంది. దాన్ని చూసి మళ్లీ కంగారు పడొద్దు. ఆయన వయసుకి, మాత్రకి నేనైతే ఈ దారి పట్టను. ఇంట్లో మనశ్శాంతే ముఖ్యమనుకుంటే తప్పు కూడా కాదు.

మూడోది, పైవాటిలో ఏది పట్టుకున్నా ఇది చేయమనే అంటాను. మాత్ర గురించి ఎలాగూ డాక్టర్ దగ్గరికి వెళ్తారు కాబట్టి ఈసీజీ ఒకటి తీయించి, హోల్టర్ అవసరమా అని అడగండి. ఛాతీకి ఎలక్ట్రోడ్లు అంటించి చిన్న పెట్టె నడుముకి కడతారు, ఇరవై నాలుగు గంటలు ప్రతి బీట్‌నీ రాస్తుంది. ముందే కొట్టే బీట్లు ఉన్నాయా, ఆ 44లు నిజమా అన్నది అదే తేల్చాలి, వాచీ తేల్చలేదు. ఒక హెచ్చరిక ముందే చెప్తున్నా. హోల్టర్ రిపోర్టులో కూడా కనిష్ఠం అని ఒక అంకె ఉంటుంది, అది కొద్ది బీట్ల మీదే కట్టేది కాబట్టి 44 కంటే తక్కువే ఉన్నా ఆశ్చర్యపోకండి. రిపోర్టు చేతికి రాగానే ఆ గడి ఫోటో తీసి తమ్ముడికి పంపకుండా, డాక్టర్ ఏమంటారో విన్న తర్వాత పంపండి. ఖర్చు ఉంటుంది, ఒక రోజు స్నానం ఉండదు, ఆ ఒక్క రోజులో ఆ సూది రాకపోతే ప్రశ్న అలాగే మిగిలిపోవచ్చు కూడా.

డాక్టర్‌కి ఫోన్‌లో 44 ఒక్కటే చూపిస్తే ఆయనకి తెలిసేది తక్కువ. మూడు రాత్రుల గ్రాఫ్ చూపించి, నిలబడిన అడుగు 49 నుంచి 51, అది నిద్రలో, పన్నెండు నిమిషాలు, మాత్ర వేసుకుంటున్న రోజుల్లో, అని చెప్పండి. మెలకువగా కూర్చున్నప్పుడు పల్స్ ఎంతో కూడా కావాలి. అది వాచీతో కాదు, మీరే రెండు వేళ్లు మణికట్టు మీద బొటనవేలి వైపు పెట్టి నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగింతలు చేస్తే ఒక్క బీట్ తప్పు నాలుగైపోతుంది. లెక్కపెడుతున్నప్పుడు మధ్యలో ఒకటి తప్పిపోయినట్టు, ఆగి గట్టిగా కొట్టినట్టు అనిపిస్తే అదీ రాసుకోండి, నేను పైన చెప్పిన ముందే కొట్టే బీట్ల గుర్తు అదే. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టై ఎగశ్వాసతో లేస్తున్నారా అని అమ్మగారిని అడగండి. నిద్రలో ఊపిరి ఆడకపోతే రాత్రి పల్స్ పడి లేస్తూ ఉంటుంది, నిద్రలో పల్స్ తగ్గేవాళ్లలో డాక్టర్లు ముందు వెతికేది దాన్నే.

నిద్రలో 50 దగ్గర ఉండి, మనిషి చక్కగా నడుస్తూ తిరుగుతుంటే అది ఒక సంగతి. పగలు మెలకువగా ఉన్నప్పుడు 50కి లోపల నిలబడిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, రోజూ నడిచే దూరానికే ఆయాసం రావడం, ఇవి పూర్తిగా వేరే సంగతి. వీటిలో ఏది కనిపించినా వాచీలో అంకె ఎంత బాగున్నా ఆ రోజే చూపించాలి.

ఇక తమ్ముడికి ఈ ఫైలే పంపి, పది నిమిషాలకో వరస ఏరి చూడమనండి. అంకెలు చూసి భయపడినవాడు అంకెలతోనే కుదుటపడతాడు, మీరూ నేనూ చెప్తే వినడు. వాచీ సెట్టింగ్స్‌లో తక్కువ పల్స్ హెచ్చరిక ఉంటుంది, చాలా వాచీల్లో అది కదలకుండా ఉన్నప్పుడు పది నిమిషాల పాటు కిందే నిలబడితేనే మోగుతుంది, ఒక్క సూదికి మోగదు. దాన్ని 50కి పెడితే, మూడో రాత్రి కంటే కాస్త కిందికి దిగిన రాత్రుల్లో ఇల్లంతా లేచి కూర్చుంటారు. 40 పెట్టాలా 45 పెట్టాలా అన్నది డాక్టర్‌నే అడిగి పెట్టండి, స్ట్రాప్ మాత్రం ఈ రాత్రే మణికట్టు ఎముకకి ఒక వేలు పైకి జరిపి, పడుకునే ముందు ఒక రంధ్రం బిగించండి.